బస్తాల కౌలు, రూపాయల వడ్డీ: పీచు యూనిట్ లెక్క ఎక్కడ తప్పింది?

*"అయ్యా, మాది అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరి డొక్కల నుంచి పీచు, పొట్టు తీసే యూనిట్ పెడదామనుకుంటున్నాను. షెడ్డు, మిషన్లు కలిపి 50 లక్షలవుతుంది. స్థలం లీజు లక్షతో సహా ఖర్చులన్నీ పోను ఇవాళ్టి ధరల్లో ఏడాదికి 8 లక్షలు మిగులుతుంది. పదేళ్లకు అదే 8 లక్షలు వేసి, బ్యాంకు వడ్డీ 12 శాతంతో డిస్కౌంట్ చేస్తే దాదాపు 5 లక్షలు నష్టం చూపిస్తోంది. హైదరాబాదులో ఉండే మా బావ మాత్రం ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయి కదా అని ఆదాయం పెంచి, వడ్డీలోంచి ద్రవ్యోల్బణం తీసేసి, 23 లక్షల పైచిలుకు లాభం అంటున్నాడు. ఎవరి లెక్క నమ్మాలి? నాన్నగారు టెన్షన్ పడుతున్నారు."*

ఇద్దరి లెక్కా తప్పే. మీరు ద్రవ్యోల్బణాన్ని ఒక వైపే చూశారు, బావగారు రెండుసార్లు చూశారు. మీరిచ్చిన అంకెలతోనే సరిగ్గా వేస్తే సుమారు 7 లక్షల లాభం వస్తుంది. ఆ 7 లక్షలు కూడా చివరిదాకా నిలవవు, అది తర్వాత చెబుతాను. ముందు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

మన గోదావరి జిల్లాల్లో పొలం కౌలు రెండు రకాలుగా మాట్లాడుకుంటారు. ఎకరానికి ఇన్ని బస్తాలు అని ఒక పద్ధతి. ఎకరానికి ఇన్ని వేలు అని ఇంకో పద్ధతి. బస్తాల్లో రాసుకున్న ఆసామికి పదేళ్లు గడిచినా అన్నే బస్తాలు వస్తాయి, ధాన్యం ధర పెరిగితే చేతికొచ్చే రూపాయలు వాటంతటవే పెరుగుతాయి. రూపాయల్లో రాసుకున్న ఆసామికి పదో ఏడు కూడా అవే రూపాయలు. కాగితం మీద తగ్గలేదు గానీ వాటితో కొనగలిగేది తగ్గిపోయింది. ఈ తేడా మన ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ 8 లక్షలు బస్తాల కౌలు లాంటిది. పదో ఏట కూడా 8 లక్షలే అని మీరు వేశారంటే, నిజంగా 8 లక్షలే వస్తుందని కాదు, ఇవాళ 8 లక్షలకు ఏం వస్తుందో అంత విలువ అప్పుడూ మిగులుతుందని. దీన్ని రియల్ లెక్క అంటారు. బ్యాంకు చెప్పే 12 శాతం అలాంటిది కాదు. అది రూపాయల కౌలు. వంద ఇచ్చి ఏడాదికి నూట పన్నెండు అడిగేటప్పుడు, ఆ ఏడాదిలో రూపాయి ఎంత చిక్కిపోతుందో అంచనా వేసి ఆ నష్టాన్ని కూడా అందులో కలిపే అడుగుతారు. ఇది నామినల్ రేటు. కొన్ని తెలుగు పుస్తకాల్లో దీన్ని 'నామమాత్రపు రేటు' అని రాస్తారు. వినగానే ఏదో నామమాత్రంగా తీసుకునే వడ్డీ అనిపిస్తుంది కాబట్టి నేను ఆ మాట వాడను.

బస్తాల్లో వచ్చే ఆదాయాన్ని రూపాయల వడ్డీతో డిస్కౌంట్ చేశారు, అంటే రాబోయే డబ్బును ఆ వడ్డీతో తగ్గించి ఇవాళ్టి విలువకు తెచ్చారు. మీ 5 లక్షల నష్టం అక్కడ పుట్టింది. ధరలు పెరగడం వల్ల మీకు వచ్చే అదనపు రూపాయల్ని లెక్కలోకి రానివ్వకుండా, ధరలు పెరుగుతాయన్న కారణంతోనే బ్యాంకు కలిపిన వడ్డీని మాత్రం పూర్తిగా కోసేశారు.

ఇప్పుడు ఒక్క ఏడాది దగ్గరగా చూడండి. ఇవాళ్టి ధరల్లో 8 లక్షలంటే, 5 శాతం పెరుగుదలతో మొదటి ఏడాది చివర చేతికొచ్చేది 8 లక్షల 40 వేలు. దాన్ని 1.12తో భాగిస్తే సరిగ్గా 7 లక్షల 50 వేలు. ఇది రూపాయల దారి. రెండోది బస్తాల దారి. ఇందులో ఆదాయం 8 లక్షలే ఉంచుతాం, వడ్డీలోంచి ద్రవ్యోల్బణాన్ని తీసేస్తాం. అంటే 1.12ను 1.05తో భాగిస్తాం. 1.0667 వస్తుంది, అంటే రియల్ రేటు 6.67 శాతం. 8 లక్షలను 1.0667తో భాగించండి. మళ్లీ 7 లక్షల 50 వేలే. రెండో ఏడాది కూడా వేసి చూడండి, ఏ దారిలో వెళ్లినా 7 లక్షల 3 వేలు వస్తుంది. పదేళ్లూ కలిపితే రెండు దారుల్లోనూ 57 లక్షల 6 వేలు. పెట్టుబడి 50 లక్షలు తీసేస్తే మిగులు 7 లక్షల 6 వేలు.

బావగారు ఆదాయం కోసం రూపాయల దారి పట్టుకున్నారు, వడ్డీ కోసం బస్తాల దారికి మారిపోయారు. పెంచిన ఆదాయాన్ని తగ్గించిన రేటుతో డిస్కౌంట్ చేశారు. ఆ లెక్కన 73 లక్షల 44 వేలు వస్తుంది, మిగులు 23 లక్షల 44 వేలు. ఆయన రెండు పనులూ విడివిడిగా చూస్తే సరైనవే, అందుకే వినడానికి నమ్మకంగా ఉంటుంది. కానీ ఆ రెంట్లో ఏదో ఒకటే చెయ్యాలి. ఒకే యూనిట్, ఒకే అంకెలు. ఒకరికి 5 లక్షలు నష్టం, ఇంకొకరికి 23 లక్షలు లాభం. మధ్యలో 28 లక్షల తేడా అంతా ఈ కలగాపులగం వల్లే వచ్చింది.

12లోంచి 5 తీసేసి 7 అనొచ్చు కదా అని అడుగుతారు. నోటిలెక్కకు ఫరవాలేదు. కాగితం మీద మాత్రం భాగించే వెయ్యండి. ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పేరుతో చెప్పుకునే సూత్రం అదే:

```
1 + నామినల్ = (1 + రియల్) × (1 + ద్రవ్యోల్బణం)
```

మీ లెక్కలో 6.67 బదులు 7 వేస్తే మిగులు దాదాపు 87 వేలు తగ్గుతుంది. ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

నేను బ్యాంకులో ప్రాజెక్ట్ రిపోర్టులు చదివే ఉద్యోగం చేసేవాణ్ని. వడ్డీలు 17 శాతం దాకా ఉన్న రోజుల్లో ఒక చిన్న ఐసు ఫ్యాక్టరీ ఫైలు మీ పద్ధతిలోనే వేసి 'లాభసాటి కాదు' అని రాసి పంపేశాను. ఆదాయం అన్ని ఏళ్లకీ ఒకే ధరలో ఉంది, నా రేటు మాత్రం మార్కెట్ వడ్డీ. ఆ తప్పు నాకు చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు. ఆ దరఖాస్తుదారు ఇంకెక్కడో అప్పు తెచ్చుకుని ఫ్యాక్టరీ నడుపుకున్నాడు, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే, ఈ తప్పు చేసినవాళ్లకు అది జాగ్రత్తలా కనిపిస్తుంది. 'తక్కువ ఆదాయం వేశాం, ఎక్కువ వడ్డీ కోశాం, ఇంక నష్టం రాదు' అనుకుంటారు. నిజానికి దూరపు ఏళ్లలో వచ్చే డబ్బుకు మాత్రమే అన్యాయం జరుగుతుంది. మొదటి ఏడాదిలో తేడా 36 వేలే. పదో ఏటి 8 లక్షలకు మీ పద్ధతిలో వచ్చే విలువ 2 లక్షల 58 వేలు, సరైన పద్ధతిలో 4 లక్షల 20 వేలు. అంటే నిదానంగా ఫలితమిచ్చే పనుల్ని ఈ తప్పు ఎక్కువగా దెబ్బ కొడుతుంది. కొబ్బరి మొక్క నాటే లెక్కను ఇలా వేస్తే కోనసీమలో ఒక్క తోటా ఉండేది కాదు.

ఇక రెండు దారుల్లో ఏది పట్టుకోవాలి? అన్ని పద్దులూ ఒకే శాతంతో పెరిగితే ఏదైనా ఒకటే. మీ యూనిట్లో అలా లేదు. అందుకని రూపాయల దారే పట్టుకోమంటాను. ఎందుకో చూడండి.

స్థలం లీజు తీసుకోండి. మీ ఉత్తరాన్ని బట్టి ఏడాదికి లక్ష. పదేళ్లకు మార్పు లేకుండా కాగితం రాసుకుంటున్నారనుకుందాం. 8 లక్షలు ఇవాళ్టి ధరల్లో అని మీరు అన్నప్పుడు లీజు కూడా బస్తాల్లోకి వెళ్లిపోయింది, ధరలతో పాటు అదీ పెరుగుతున్నట్టు లెక్క. కానీ అది రూపాయల కౌలు కదా, పెరగదు. పదో ఏట మీరిచ్చే లక్ష రూపాయల విలువ ఇవాళ్టి లెక్కలో 61 వేల చిల్లర. కాబట్టి విడదీయండి. లీజుకు ముందు మిగిలేది 9 లక్షలు, అది ధరలతో పెరుగుతుంది, దాని నేటి విలువ 64 లక్షల 20 వేలు. లీజు ఏటా కదలని లక్ష, 12 శాతంతో దాని నేటి విలువ 5 లక్షల 65 వేలు. తేడాలోంచి 50 లక్షలు తీస్తే మిగులు 8 లక్షల 55 వేలు. ఒక్క పద్దును దాని చోట పెట్టినందుకు లక్షన్నర పెరిగింది.

సంతోషం అక్కడే ఆపండి. మీరు లెక్కలోకి తీసుకోని పద్దు ఒకటుంది: అరువు. పీచు, పొట్టు కొనేవాళ్లు లోడు ఎత్తిన రోజే డబ్బులిస్తారా? రెండు నెలలు పడుతుందనుకుందాం. మీ అమ్మకాలు ఏడాదికి 36 లక్షలైతే రెండు నెలల సరుకు, అంటే 6 లక్షలు, ఎప్పుడూ బయట తిరుగుతూ ఉంటుంది. చాలామంది మొదట 6 లక్షలు పెట్టి, పదో ఏట 6 లక్షలు వెనక్కి వచ్చినట్టు రాసి వదిలేస్తారు. మధ్యలో తొమ్మిదేళ్లు సున్నా వేస్తారు.

ఆ సున్నాలే తప్పు. ధరలు 5 శాతం పెరిగితే అదే సరుకు మీద అరువు 6 లక్షల 30 వేలవుతుంది. లోడ్లు పెరగలేదు, కొనేవాళ్లు మారలేదు, గడువు కూడా మారలేదు, అయినా మొదటి ఏడాదే ఇంకో 30 వేలు మీ చేతిలోంచి బయటికి పోయింది. రెండో ఏడాది 31,500. ఇలా ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. ఇలా ఏటా బయటికి పోయే సొమ్ము నేటి విలువ మొత్తం 1 లక్ష 89 వేలు. పదో ఏట వెనక్కి వచ్చేది 9 లక్షల 31 వేలు, పెద్ద మొత్తంలా కనిపిస్తుంది గానీ దాని నేటి విలువ 3 లక్షలే. మొదట పెట్టిన 6 లక్షలు కూడా కలుపుకుంటే అరువు ఖరీదు మొత్తం 4 లక్షల 89 వేలు. మిగులు 8 లక్షల 55 వేల నుంచి 3 లక్షల 66 వేలకు దిగిపోయింది.

బస్తాల దారిలో లెక్క వేసేవాళ్లు ఈ అరువు దగ్గరే ఎక్కువగా జారిపోతారు. ఇవాళ్టి ధరల్లో చూస్తే అరువు ఎప్పుడూ 6 లక్షలే కదా, మారనిదానికి మధ్యలో ఏం రాయాలి అనుకుంటారు. కానీ అరువు రూపాయల్లో రాసిన బాకీ. మీరు కొత్త డబ్బు పెడుతుంటేనే అది 6 లక్షల విలువ దగ్గర నిలబడుతుంది. పెరట్లో గుట్టగా పోసిన డొక్కలు వేరు. అవి సరుకు, ధరతో పాటు వాటి విలువా పెరుగుతుంది. ఏడాదికి ఎన్ని డొక్కలు వాడతారో అన్నే ఆ ఏటి ధరకు కొన్నట్టు ఖర్చు రాశారంటే గుట్ట నిలబెట్టడానికి మళ్లీ డబ్బు చూపించక్కర్లేదు. చూపిస్తే అక్కడ రెండుసార్లు కోసినట్టవుతుంది. పాత ధరకు కొన్న డొక్కల్ని పాత ధరకే ఖర్చు రాసే పద్ధతైతే మాత్రం చూపించాలి. మీ అకౌంటెంటు ఏ పద్ధతి వాడుతున్నాడో ఒకసారి అడగండి.

తర్వాతది కూలి. ఇది అసలు ముడి.

మీ ఖర్చుల్లో కూలి ఏడాదికి 10 లక్షలనుకుందాం. మనం ఇప్పటిదాకా అమ్మకాలు, కూలి, కరెంటు, డొక్కలు అన్నీ 5 శాతమే పెరుగుతాయని పట్టుకున్నాం. కూలి మాత్రం 6 శాతం పెరిగితే? ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. పదేళ్లలో ఆ ఒక్క శాతం నేటి విలువ 3 లక్షల 47 వేలు. మీ మిగులు 3 లక్షల 66 వేలు. తీసేస్తే 19 వేలు.

కూలి ఎంత పెరుగుతుందో మీ ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. వరికోతలప్పుడు, రొయ్యల చెరువుల పట్టుబడి అప్పుడు మనుషుల్ని పిలవడం ఎంత కష్టమో మీకు తెలుసు. దానికి తోడు పొట్టు ధర. కోకోపీట్ దిమ్మలుగా బయటి దేశాలకు పోయే సరుకు అది, మన బజారులో బియ్యం, పప్పుల ధరలు పెరిగాయని అదీ పెరగాలని లేదు. అందుకని ఒక్కో పద్దుకు దాని సొంత పెరుగుదల వెయ్యండి. కూలికి కూలిది, డొక్కలకు డొక్కలది, పొట్టుకు పొట్టుది. వడ్డీలోంచి తీసే ద్రవ్యోల్బణం మాత్రం ఒక్కటే, అది దేశంలో మొత్తం ధరలది. డొక్కల ధర 9 శాతం పెరిగిందని వడ్డీని 1.09తో భాగించకూడదు. బ్యాంకు డొక్కలు కొనుక్కోవడానికి మీకు అప్పివ్వలేదు. ఇంకోలా చెప్పాలంటే, బస్తాల దారిలో వెళ్లేవాళ్లు కూడా కూలిని కదలకుండా ఉంచకూడదు. 6 శాతం కూలి, 5 శాతం ద్రవ్యోల్బణం ఉంటే ఇవాళ్టి ధరల్లో కూడా కూలి ఏటా ఒక శాతం లోపు పెరుగుతూనే ఉండాలి.

మరి ఆ 5 శాతం ఎక్కడిదని అడుగుతారు. పోయిన నెల పేపర్లో వచ్చిన అంకె వెయ్యకండి. పదేళ్ల లెక్కకు పదేళ్ల అంచనా కావాలి. రిజర్వ్ బ్యాంకుకు 2016 నుంచి పెట్టిన లక్ష్యం వినియోగదారుల ధరల మీద 4 శాతం, అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటు. కాబట్టి 4కీ 6కీ మధ్య ఏదైనా వాదించదగ్గదే, మీ బావగారి 5తో నాకు పేచీ లేదు. అసలు విషయం, ఆ అంకె ఎంతైనా ఆదాయంలో ఏది వేశారో వడ్డీ విడదీసేటప్పుడూ అదే ఉండాలి. ఒక షీటులో ఆదాయం 6 శాతంతో పెంచి, రేటు 4 శాతంతో విడదీసిన వాళ్లను చూశాను. ఒక్కో అంకె ఒక్కొక్కరు ఇచ్చారట.

కంప్యూటరులో వేసుకునేటప్పుడు A వరుసలో సంవత్సరం నంబరు 1 నుంచి 10, B వరుసలో ఇవాళ్టి ధరల్లో మిగులు, C వరుసలో రూపాయల్లో మిగులు పెట్టుకోండి. డబ్బు అంకెలు లక్షల్లో, 3వ గడి నుంచి 12వ గడి దాకా ఉండాలి, C3లోని సూత్రాన్ని C12 దాకా కాపీ చెయ్యండి. మొదట అన్నీ ఒకే శాతంతో పెరిగే సాదా లెక్క వేసి చూడండి, షీటు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది:

```
C3:  =B3*1.05^A3
     =NPV(12%,C3:C12)-50
     =NPV(1.12/1.05-1,B3:B12)-50
```

కింది రెండు అంకెలూ పైసతో సహా ఒకటే రావాలి. మీకు 7.06 రావాలి. రాకపోతే ఎక్కడో బస్తా, రూపాయి కలిసిపోయాయి. తరచుగా దొరికే తప్పు ఒకటి చెబుతాను: మొదటి ఏడాదికి 8 వేసి, పెరుగుదల రెండో ఏడాది నుంచి మొదలుపెట్టడం. అప్పుడు పైది 4.35 దగ్గర ఆగుతుంది, సుమారు 2 లక్షల 70 వేలు మాయమవుతుంది. 8 లక్షలు ఇవాళ్టి ధరైతే మొదటి ఏడాది చివరికి 8.40 అయి తీరాలి. అలాగే నేటి విలువ లెక్కగట్టే NPV అనే ఫంక్షన్ మొదటి గడిని ఏడాది చివరి డబ్బుగా తీసుకుంటుంది, అందుకే 50ని బ్రాకెట్ బయట పెట్టాను.

లీజు, అరువు, కూలి విడదీశాక ఇంకో పరీక్ష చెయ్యండి. రియల్ రేటు 6.67 కదపకుండా ద్రవ్యోల్బణాన్ని 5 నుంచి 8కి మార్చండి. కూలికి మాత్రం ద్రవ్యోల్బణం కంటే ఎంత ఎక్కువ అని విడిగా రాసుకోండి, అది కదలకూడదు. నామినల్ రేటు దానంతటదే 15.2 అవుతుంది. ధరలతో పెరిగే 9 లక్షల విలువ 64.20 దగ్గరే ఉండాలి. కదిలేవి రూపాయల్లో కట్టేసిన పద్దులు మాత్రమే: లీజు భారం 5.65 నుంచి 4.98కి తేలికవుతుంది, అరువు భారం పెరుగుతుంది. ఇవి కాకుండా ఇంకేదైనా పెద్దగా ఊగిందంటే ఆ గడిలో రెండు లెక్కలూ కలిశాయన్నమాట. నేను ఎవరి షీటు చూసినా మొదట చేసే పని ఇదే, పది పేజీల రిపోర్టు చదవడం కన్నా త్వరగా తేలుతుంది.

ఐఆర్ఆర్, అంటే పెట్టుబడి మీద ఏటా వచ్చే రాబడి శాతం, దాని దగ్గర కూడా ఇదే ఉచ్చు ఉంది. 50 లక్షలు పెట్టి పదేళ్లు 8 లక్షల చొప్పున అని వేస్తే ఐఆర్ఆర్ 9.6 శాతం వస్తుంది. బ్యాంకు వడ్డీ 12 కన్నా తక్కువ కదా అని పక్కన పెట్టేస్తారు. ఆ 9.6 బస్తాల్లో వచ్చిన రాబడి. దాన్ని 6.67తో పోల్చాలి. లేదా రూపాయల్లోకి మార్చి 15 శాతం అని చెప్పి 12తో పోల్చాలి.

మీరు పన్ను వెయ్యలేదు. వేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మిషన్ల తరుగుదల కొన్న ధర మీదే వస్తుంది, ధరలతో పెరగదు. మిషన్లు 40 లక్షలైతే 15 శాతం చొప్పున మొదటి ఏడాది 6 లక్షలు, మిగిలిన విలువ మీద రెండో ఏడాది 5 లక్షల 10 వేలు, అలా తగ్గుతూ పోతుంది. భాగస్వామ్య సంస్థగా పెడితే, సెస్ పక్కన పెట్టి, 30 శాతం పన్నులో అందువల్ల మిగిలేది మొదటి ఏడాది 1 లక్ష 80 వేలు. ఇవి రూపాయల కౌలు లాంటివే కాబట్టి 12 శాతంతోనే డిస్కౌంట్ చెయ్యాలి, పదేళ్లకు 6 లక్షల 24 వేలు. బస్తాల రేటుతో చేస్తే 7 లక్షల 45 వేలని చూపిస్తుంది, అందులో లక్షా ఇరవై వేలు లేనిదే. పన్ను తర్వాతి ఆదాయానికి పన్ను తర్వాతి వడ్డీ రేటే వాడాలి, అది ఇంకో జత. అది కూడా వేశాక తేలే అంకెను బట్టే నిర్ణయం తీసుకోండి, నేను పైన చెప్పినవన్నీ పన్నుకు ముందువి.

ఈఎంఐలను ఈ లెక్కలో తీసెయ్యకండి, అప్పు ఖరీదు 12 శాతంలోనే ఉంది. బ్యాంకుకు ఇచ్చే వాయిదాల పట్టిక మాత్రం వేరుగా, పూర్తిగా రూపాయల్లో ఉండాలి. ఈఎంఐ మొదటి నెల నుంచి ఒకే మొత్తం, మీ ఆదాయం మాత్రం మెల్లగా పెరుగుతుంది. బస్తాల లెక్కలో లాభం చూపించిన యూనిట్ కూడా మొదటి రెండేళ్లలో వాయిదాలకు తడుముకోవచ్చు. నాన్నగారి టెన్షన్ బహుశా దాని గురించే. ఆయనకు ఎన్‌పీవీ చూపించకండి, మొదటి ఇరవై నాలుగు నెలల వాయిదాల పట్టిక చూపించండి.

చివరిగా లీజు కాగితం. పదేళ్లకు కదలని లక్ష అని నేను అనుకుని వేశాను. స్థలం ఆసామి మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలని ఒక వాక్యం రాయించుకునే అవకాశం ఎక్కువ. ఆ వాక్యం నేటి విలువ 53 వేల రూపాయలు. కూలి ఒక్క శాతం ఎక్కువ పెరిగితే మీకు మిగిలేది 19 వేలు. సంతకం పెట్టే ముందు దాని గురించి ఆయనతో మాట్లాడండి, అరువు గడువు గురించి కొనేవాళ్లతో మాట్లాడండి. రెండు నెలల గడువు ఒక నెలకు దిగితే అరువు ఖరీదులో సగం, అంటే 2 లక్షల 45 వేలు, వెనక్కి వస్తుంది.